నిచ్చెన, కర్ణం, నడక లెక్కలు: వర్గమూలం తీయకుండా త్రికాలతో చేసే పద్ధతి

లంబకోణ త్రిభుజం లెక్కలో రెండు సంఖ్యలు కనబడగానే చాలామంది రెండింటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం కోసం కుస్తీ పడతారు. పరీక్షల్లో వచ్చే నిచ్చెన, కర్ణం, నడక ప్రశ్నల్లో చాలావాటికి అంత శ్రమ అక్కర్లేదు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు జవాబు పూర్ణసంఖ్యగా రావాలి. అందుకని ముందే లంబకోణ త్రిభుజానికి భుజాలుగా సరిపోయే మూడు పూర్ణసంఖ్యల జట్టును, అంటే 3-4-5 లాంటి ఒక త్రికాన్ని తీసుకుంటారు, దాన్ని రెట్టింపో అయిదింతలో చేస్తారు, మూడింట్లో ఒక సంఖ్యను దాచి మిగతా రెండూ మనకిస్తారు. ఆ దాచినదాన్ని పట్టుకోవడమే మన పని.

త్రికాలు కంఠతా వచ్చినవాళ్లు కూడా ఈ లెక్కల్లో దెబ్బతింటారు. ఇచ్చిన రెండింట్లో కర్ణం ఉందో లేదో చూడకుండా మూడో సంఖ్య వేసెయ్యడమే దానికి కారణం. 4, 5 కనబడితే 3 అనేస్తారు. 5 కర్ణమైతేనే అది 3. రెండూ లంబకోణం దగ్గర కలిసే భుజాలైతే జవాబు √41, అసలు పూర్ణసంఖ్యే కాదు. కాబట్టి ఈ మార్గదర్శిలో ప్రతి రకం ప్రశ్ననూ ముందు ఆ కోణంలోంచే చూద్దాం.

మొదటి మెట్టు: గుర్తుంచుకోవాల్సినవి ఎన్ని?

అయిదు చాలు: 3-4-5, 5-12-13, 8-15-17, 7-24-25, 20-21-29. ప్రతిదాంట్లో చివరిది కర్ణం. 9-40-41, 12-35-37 అప్పుడప్పుడు తగులుతాయి కానీ వాటిని బట్టీ పట్టనక్కర్లేదు, అక్కడికక్కడే పుట్టించుకోవచ్చు.

చిన్న భుజం బేసి సంఖ్య అయితే దాన్ని వర్గం చేసి, వచ్చినదాన్ని ఒకటి తేడా ఉన్న రెండు సంఖ్యలుగా విడగొట్టండి. 9 వర్గం 81, అంటే 40 + 41. అదే 9-40-41. సరి సంఖ్య అయితే సగం చేసి, వర్గం చేసి, ఒకటి తీసి ఒకటి కలపండి. 12లో సగం 6, వర్గం 36, అటూ ఇటూ 35, 37. అదే 12-35-37. అయితే ఈ చిట్కా అన్ని త్రికాలనూ ఇవ్వదు. 20తో మొదలుపెడితే 99, 101 వస్తాయి గానీ 21, 29 రావు. అందుకే 20-21-29ని పై జాబితాలో పెట్టాను. దాన్ని గుర్తుపెట్టుకోవడమే సులువు.

రెండో మెట్టు: ముందు పాత్ర, తర్వాత భాగహారం

ఏ ప్రశ్న వచ్చినా ఇదే వరస. ఇచ్చిన రెండు కొలతల్లో ఏటవాలుగా ఉన్నది ఏది? అదే కర్ణం. రెండూ నిలువు, అడ్డం అయితే కర్ణం మనం కనుక్కోవాల్సింది. పాత్రలు తేలాక రెండింటికీ ఉన్న ఉమ్మడి కారణాంకంతో భాగించండి, మిగిలిన చిన్న సంఖ్యలు ఏ త్రికంలోవో చూడండి, మూడో సంఖ్య తీసుకుని మళ్లీ అదే కారణాంకంతో గుణించండి.

ఉదాహరణకు కర్ణం 30, ఒక భుజం 18. రెండింటినీ 6తో భాగిస్తే 5, 3. కర్ణం 5 కాబట్టి మిగిలిన భుజం 4, దాన్ని 6తో గుణిస్తే 24. మూడు భుజాలనూ ఒకే సంఖ్యతో పెంచితే త్రిభుజం ఆకారం మారదు, లంబకోణం లంబకోణంగానే ఉంటుంది. అందుకే ఇది పనిచేస్తుంది. దశాంశాలకూ ఇదే వర్తిస్తుంది. భుజాలు 1.5, 2 అంటే 3-4-5లో సగం, కర్ణం 2.5.

ప్రమాణాలు మాత్రం ముందే ఒకటి చేసుకోవాలి. ఒక కొలత 1.2 మీటర్లు, ఇంకోటి 50 సెంటీమీటర్లు అని ఇస్తే, 120, 50గా మార్చుకుంటే తప్ప అక్కడున్న 12, 5 కంటికి కనబడవు. కర్ణం 130 సెంటీమీటర్లు.

మూడో మెట్టు: నిచ్చెన

నిచ్చెన లెక్కలో పాత్రల గురించి తడుముకోనక్కర్లేదు. నిచ్చెనే కర్ణం, గోడ మీద అది అందుకున్న ఎత్తు ఒక భుజం, గోడ నుంచి నిచ్చెన అడుగుకు ఉన్న దూరం రెండో భుజం. నిచ్చెన జారినా, ఇటు గోడ నుంచి అటు గోడకు వాల్చినా, దాని పొడవు మారదు. కఠినంగా కనబడే నిచ్చెన లెక్కలన్నీ ఈ ఒక్క విషయం మీదే నడుస్తాయి.

ఒకటి పూర్తిగా చేసి చూద్దాం. 25 మీటర్ల నిచ్చెన గోడకు ఆనించి ఉంది, దాని అడుగు గోడకు 7 మీటర్ల దూరంలో ఉంది. పై కొస 4 మీటర్లు కిందికి జారితే, అడుగు ఎంత జరిగింది?

జారకముందు కర్ణం 25, భుజం 7. ఇది నేరుగా 7-24-25. ఎత్తు 24. జారాక ఎత్తు 24 − 4 = 20. నిచ్చెన మాత్రం ఇంకా 25. ఇప్పుడు 20, 25లను 5తో భాగిస్తే 4, 5. కర్ణం 5 కాబట్టి మిగిలినది 3, మళ్లీ 5తో గుణిస్తే 15. అడుగు ఇప్పుడు గోడకు 15 మీటర్ల దూరంలో ఉంది. ఇంతకుముందు 7లో ఉంది కాబట్టి జరిగినది 8 మీటర్లు.

ఇలాంటి ప్రశ్నకు ఇచ్చే ఎంపికల్లో 4, 15 కూడా ఉంటాయని ముందే అనుకోండి. పై కొస ఎంత జారితే అడుగూ అంతే జరుగుతుందనుకున్నవాళ్లు 4 పెడతారు. ప్రశ్న చివరి మాట చదవనివాళ్లు 15 దగ్గరే ఆగిపోతారు. గోడకు దూరం ఎంత అని అడిగారా, ఎంత జరిగింది అని అడిగారా అన్నది గీత గీసి చూసుకుంటే చాలు.

ఇక్కడ 25నే ఎందుకు తీసుకున్నారో గమనించండి. అది రెండు త్రికాలకు కర్ణం: 7-24-25, 15-20-25. జారే నిచ్చెనకు ముందొక త్రికం, తర్వాత ఇంకో త్రికం కావాలి, కర్ణం మాత్రం ఒకటే ఉండాలి. అందుకే ఈ రకం లెక్కల్లో 25, 50, 65 లాంటి పొడవులు మళ్లీ మళ్లీ వస్తాయి. 65కైతే నాలుగు జతలున్నాయి: 16-63, 25-60, 33-56, 39-52. నిచ్చెన 65 అని చూడగానే ఈ నాలుగూ మనసులో పెట్టుకుంటే సగం పని అయినట్టే.

అదే నిచ్చెన అడుగును సందు మధ్యలో ఒకచోట ఆనించి, ఒకవైపు గోడ మీద 24 మీటర్ల ఎత్తుకు, అడుగు కదపకుండా రెండోవైపు 20 మీటర్ల ఎత్తుకు వాల్చారనుకోండి. సందు వెడల్పు ఎంత? ఒకవైపు దూరం 7, రెండోవైపు 15, మొత్తం 22 మీటర్లు. జారినప్పుడు రెండు దూరాల తేడా తీశాం, ఇక్కడ కలిపాం. అంకగణితం అంతా అదే.

ఇంకో రకం ఉంది. 17 మీటర్ల నిచ్చెన అడుగు గోడకు 8 మీటర్ల దూరంలో ఉంది. పై కొస ఎంత జారిందో అడుగు కూడా సరిగ్గా అంతే జరిగిందట. ఎంత? చాలామంది దీనికి x పెట్టి వర్గ సమీకరణం రాస్తారు. ఎత్తు 15, దూరం 8. రెండూ సమానంగా మారి, కర్ణం అదే ఉండాలంటే రెండు భుజాలూ చోటు మార్చుకోవాల్సిందే: ఎత్తు 8, దూరం 15. తేడా 7. అదే జవాబు.

నాలుగో మెట్టు: రెండు భుజాలు విడివిడిగా ఇవ్వనప్పుడు

ఒక్క భుజం తెలిస్తే త్రికం తెలిసినట్టు కాదు. 12నే చూడండి. 5-12-13లో ఉంది, 9-12-15లో ఉంది, 12-16-20లో ఉంది, 12-35-37లో కూడా ఉంది. ఏదో తేలాలంటే ఇంకో ఆధారం కావాలి. ఆ ఆధారం తరచుగా కర్ణానికీ రెండో భుజానికీ మధ్య తేడాగానో మొత్తంగానో వస్తుంది. అప్పుడు వాడాల్సిన సూత్రం ఇది:

భుజం² = (కర్ణం − రెండో భుజం) × (కర్ణం + రెండో భుజం)

పైథాగరస్ సిద్ధాంతాన్నే కారణాంకాలుగా రాశాం, అంతే. 12 వర్గం 144. దాన్ని రెండు వేర్వేరు సరి సంఖ్యల లబ్ధంగా రాస్తే 2 × 72, 4 × 36, 6 × 24, 8 × 18. ప్రతి జతలో మొత్తం సగం కర్ణం, తేడా సగం రెండో భుజం. 8, 18 తీసుకుంటే 13, 5. 2, 72 తీసుకుంటే 37, 35. పైన చెప్పిన నాలుగు త్రికాలూ ఇక్కడినుంచే వచ్చాయి, అయిదోది లేదు.

12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఇచ్చిన వెదురు లెక్క దీనికి చక్కటి ఉదాహరణ. 32 మూరల వెదురు గాలికి విరిగి, దాని కొస మొదలుకు 16 మూరల దూరంలో నేలను తాకింది. ఎంత ఎత్తులో విరిగింది? నిలబడిన ముక్క ఒక భుజం, వాలిన ముక్క కర్ణం, రెండూ కలిస్తే 32. నేల మీది భుజం 16, దాని వర్గం 256. 256ను 32తో భాగిస్తే 8, అంటే రెండు ముక్కల తేడా 8. మొత్తం 32, తేడా 8 అయితే ముక్కలు 20, 12. వెదురు 12 మూరల ఎత్తులో విరిగింది. 12-16-20 అంటే 3-4-5ని నాలుగింతలు చేసినదే.

నిచ్చెనలోనూ ఇదే వేషం మార్చుకుని వస్తుంది. గోడను ఆనుకుని నిలువుగా నిలబెట్టిన నిచ్చెన అడుగును 10 మీటర్లు బయటికి లాగితే పై కొస 2 మీటర్లు దిగింది, నిచ్చెన పొడవెంత? నిలువుగా ఉన్నప్పుడు ఎత్తు నిచ్చెన పొడవంతే కాబట్టి, కర్ణానికీ కొత్త ఎత్తుకూ తేడా 2. 100ను 2తో భాగిస్తే 50, అది మొత్తం. మొత్తం 50, తేడా 2 అంటే 26, 24. నిచ్చెన 26 మీటర్లు. 10-24-26 అన్నది 5-12-13కి రెట్టింపు.

అయిదో మెట్టు: దీర్ఘచతురస్రం, సమచతుర్భుజం, గది

దీర్ఘచతురస్రం పొడవు, వెడల్పు ఇచ్చి కర్ణం అడిగితే చెప్పుకోవడానికేమీ లేదు, రెండో మెట్టే. కాస్త రుచిగా ఉండేది చుట్టుకొలత, కర్ణం ఇచ్చి వైశాల్యం అడిగేది. చుట్టుకొలత 46, కర్ణం 17. పొడవు వెడల్పుల మొత్తం 23. 17 కర్ణంగా ఉన్న త్రికం 8-15-17, 8 + 15 సరిగ్గా 23. వైశాల్యం 120. మొత్తం సరిపోయిందా అని చూడటం మానకండి, త్రికం సరైనదేనని చెప్పే సాక్ష్యం అదొక్కటే. త్రికం తట్టకపోతే 23² − 17² = 6 × 40 = 240, అందులో సగం 120. రెండు దారులూ ఒకచోటికే చేరాయి.

సమచతుర్భుజం దగ్గర జాగ్రత్త. కర్ణాలు 16, 30 అని ఇచ్చి భుజం అడుగుతారు. 16-30-34 అనేది 8-15-17కి రెట్టింపు కాబట్టి చెయ్యి తనంతట తానే 34 రాసేస్తుంది. కానీ సమచతుర్భుజం కర్ణాలు ఒకదాన్నొకటి లంబంగా, సగానికి ఖండించుకుంటాయి, లంబకోణ త్రిభుజంలో ఉండే భుజాలు వాటి సగాలు: 8, 15. సమచతుర్భుజం భుజం 17, చుట్టుకొలత 68. త్రికం గుర్తుకొచ్చి కూడా తప్పయ్యే చోట్లలో ఇది అన్నిటికన్నా మోసపూరితమైనది, ఎందుకంటే తప్పు జవాబు కూడా చక్కటి పూర్ణసంఖ్యే.

గదిలో ఒక కింది మూల నుంచి ఎదురుగా ఉన్న పై మూలకు దూరం అడిగితే త్రికాన్ని రెండుసార్లు వాడాలి. కొలతలు 12, 9, 8 అనుకోండి. ముందు నేల మీది కర్ణం, తర్వాత దానితో ఎత్తు. ఏ రెండింటితో మొదలుపెట్టినా జవాబు ఒకటే, కాబట్టి త్రికం ఇచ్చే జతతో మొదలుపెట్టండి. 9, 8తో మొదలుపెడితే √145 దగ్గర ఇరుక్కుంటారు. 12, 9తో మొదలుపెడితే 15, ఆ తర్వాత 15, 8తో 17.

ఆరో మెట్టు: నడక

నడక లెక్కలో కర్ణం కనబడదు, భుజాలు కూడా ముక్కలుముక్కలుగా వస్తాయి. అందుకే ఇక్కడ త్రికం వెతకడం చివరి పని. ముందు ఉత్తర-దక్షిణాలను ఒక ఖాతాలో, తూర్పు-పడమరలను ఇంకో ఖాతాలో వేసి నికరం తేల్చండి.

ఒకరు ఉత్తరంగా 10 కిలోమీటర్లు నడిచి, కుడికి తిరిగి 9, మళ్లీ కుడికి తిరిగి 3, తర్వాత ఎడమకు తిరిగి 15 నడిచారు. బయల్దేరిన చోటికి ఎంత దూరంలో ఉన్నారు? ఉత్తరం వైపు ముఖం పెట్టి కుడికి తిరిగితే తూర్పు. తూర్పు నుంచి కుడికి తిరిగితే దక్షిణం. దక్షిణం వైపు చూస్తూ ఎడమకు తిరిగితే మళ్లీ తూర్పు, ఎక్కువమంది పడమర అనుకునేది ఇక్కడే. నికరం: ఉత్తరం 10 − 3 = 7, తూర్పు 9 + 15 = 24. త్రికం 7-24-25, జవాబు 25 కిలోమీటర్లు. నడిచిన మొత్తం దూరం 37 కిలోమీటర్లు, అది వేరే ప్రశ్న.

ఇద్దరు ఒకే చోటి నుంచి వేరువేరుగా వెళ్తే, వాళ్లు ఆగిన చోట్ల మధ్య తేడా చూడాలి. ఒకరు తూర్పుకు 5, ఉత్తరానికి 10 వెళ్లారు. ఇంకొకరు పడమరకు 7, ఉత్తరానికి 5 వెళ్లారు. తూర్పు, పడమర ఎదురెదురు కాబట్టి కలుస్తాయి: 12. ఇద్దరూ ఉత్తరానికే వెళ్లారు కాబట్టి అక్కడ తేడా: 5. మధ్య దూరం 13. ఇద్దరు లంబంగా వేరే దిక్కులకు గంటకు 8, 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే దూరాలు లెక్కేయక్కర్లేదు. వాళ్ల మధ్య దూరమే గంటకు 17 చొప్పున పెరుగుతుంది, రెండు గంటలకు 34.

మైదానం అంచుల వెంట కాకుండా అడ్డంగా నడిస్తే ఎంత కలిసొస్తుందన్నది ఇంకో పాత ప్రశ్న. రెండు భుజాల మొత్తంలోంచి కర్ణం తీస్తే సరి: 8, 15 మైదానంలో 23 − 17 = 6. దీన్నే తిప్పి, ఆదా అయిన దూరం పొడవైన భుజంలో సగం, భుజాల నిష్పత్తి ఎంత అని అడుగుతారు. 3-4-5తో పరీక్షించండి: 7 − 5 = 2, అది 4లో సగం. నిష్పత్తి 3 : 4.

త్రికం లేని లెక్కను ఎలా పసిగట్టాలి

కోణం 60 డిగ్రీలని గానీ, చతురస్రం అని గానీ ఉంటే త్రికం వెతకొద్దు. నేలతో 60 డిగ్రీల కోణంలో ఉన్న నిచ్చెన అడుగు గోడకు నిచ్చెన పొడవులో సగం దూరంలో ఉంటుంది, ఎత్తులో √3 వస్తుంది. చతురస్రం కర్ణం భుజానికి √2 రెట్లు, సుమారు 1.414. ఎంపికల్లో వర్గమూలం గుర్తులు కనబడినా అదే సంకేతం.

ఉమ్మడి కారణాంకం తీసే అలవాటు అక్కడ కూడా పనికొస్తుంది. భుజాలు 8, 10 అంటే 2తో భాగించాక 4, 5. కర్ణం 2√41 అని వెంటనే రాసెయ్యొచ్చు. దశాంశంలో కావాలంటే దగ్గరి వర్గం పట్టుకోండి. నిచ్చెన 10, అడుగు 4 దూరంలో ఉంటే ఎత్తు వర్గం 84. 9 వర్గం 81, మిగిలింది 3. ఆ 3ను 9కి రెట్టింపైన 18తో భాగిస్తే 0.17, ఎత్తు సుమారు 9.17 మీటర్లు. ఇలా వచ్చేది ఎప్పుడూ అసలు విలువకంటే వెంట్రుకవాసి ఎక్కువే ఉంటుంది, కాబట్టి ఎంపికల్లో 9.16 ఉంటే కంగారు పడొద్దు.